ఉష్ణమండలంలోనే అన్ని జాతులెందుకు? ఒక పరీక్ష ప్రశ్న, తూకం వేసిన జవాబు

ఇంటర్ జువాలజీ నుంచి అటవీ సర్వీసు పరీక్షల దాకా ఏదో ఒక రూపంలో తప్పక ఎదురయ్యే ప్రశ్న ఇది: ‘ఉష్ణమండల ప్రాంతాల్లో జీవజాతుల సంఖ్య ఎక్కువగా ఉండడానికి కారణాలను చర్చించండి.’ పాఠ్యపుస్తకం మూడు కారణాలు ఇస్తుంది. హిమయుగాల దెబ్బ తగలక అక్కడి జీవజాలానికి కోట్ల ఏళ్ల వ్యవధి దొరికింది. రుతువుల మార్పు తక్కువ కాబట్టి ఒక్కో జాతి ఒక్కో పనిలో ఆరితేరింది. ఎండ ఎక్కువ కాబట్టి పంట ఎక్కువ, పంట ఎక్కువైతే జాతులూ ఎక్కువ. పిల్లలు ఈ మూడింటినీ వరసగా రాసి, బాణం గుర్తులతో ఒక బొమ్మ గీసి పేపరు ఇచ్చేస్తారు. సగం మార్కులు వస్తాయి. మిగతా సగం ఎందుకు పోయాయో చాలామందికి అర్థం కాదు.

పోయిన కారణం ఒక్కటే. ఆ మూడూ ఒకదానికొకటి తోడు నిలిచే కారణాలు కావు, పోటీదారులు. ఎండ ఎక్కువ కావడమే అసలు కారణమైతే హిమయుగాల కథతో పనిలేదు. హిమయుగాలే కారణమైతే ఇవాళ్టి ఎండ ఎంతన్నది అప్రస్తుతం. ‘చర్చించండి’ అని అడిగినవాళ్లు మనల్ని వాటి మధ్య తీర్పు చెప్పమంటున్నారు. ఒక్కో వాదాన్నీ అది ఇబ్బంది పడే చోటికి తీసుకెళ్లి నిలబెడితేగానీ తీర్పు రాదు.

ముందు లెక్క ఎంత పెద్దదో చూద్దాం. మలేషియాలోని సారవాక్ రాష్ట్రంలో లాంబిర్ హిల్స్ అనే జాతీయ ఉద్యానవనం ఉంది. అందులో 52 హెక్టార్ల అడవిని, అంటే ఇంచుమించు 130 ఎకరాలను, పరిశోధకులు తాడు కట్టి గళ్లుగళ్లుగా విడదీశారు. నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో టేపు పెట్టి కొలిచి, కనీసం ఒక సెంటీమీటరు మందం ఉన్న ప్రతి కాండానికీ నంబరు బిళ్ల తగిలించి, దాని జాతి తేల్చి, పటం మీద గుర్తుపెట్టారు. కొన్నేళ్లకోసారి మళ్లీ వెళ్లి ఏది పెరిగింది, ఏది చచ్చింది, ఏది కొత్తగా వచ్చింది అని రాసుకుంటారు. ఈ పద్ధతికి శ్రీకారం చుట్టింది పనామాలోని బారో కొలరాడో దీవిలో. స్టీఫెన్ హబ్బెల్, రాబిన్ ఫాస్టర్ అనే ఇద్దరు 1980ల మొదట్లో అక్కడ 50 హెక్టార్లలో ఈ పని మొదలుపెట్టారు. లాంబిర్‌లో ఆ 130 ఎకరాల్లో తేలిన చెట్ల జాతులు 1,100 పైచిలుకు. యూరప్ ఖండంలోని తేమ గల సమశీతోష్ణ అడవులన్నిటిలో కలిపి చెట్ల జాతులు 124. లాంబిర్ లెక్కలో పొదలంత చెట్లూ ఉంటాయి కాబట్టి ఈ పోలిక అచ్చంగా సరితూగదు. అయినా ఇంత తేడాను లెక్కించిన తీరు మీదికి నెట్టేయలేం.

ఇక జవాబు మొదలుపెట్టే ముందు ఒక పని చేయాలి. ఈ ఒక్క ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలు దాగి ఉన్నాయి. ఇన్ని జాతులు ఆ ప్రాంతానికి ఎలా సమకూడాయన్నది మొదటిది. అది చరిత్రకు సంబంధించింది: ఎన్ని కొత్తగా పుట్టాయి, ఎన్ని వలస వచ్చాయి, ఎన్ని అంతరించాయి. సమకూడినవి అదే 130 ఎకరాల్లో ఒకదాన్నొకటి వెళ్లగొట్టకుండా ఎలా బతుకుతున్నాయన్నది రెండోది. మొదటిదానికి బాగా సరిపోయే వాదం రెండోదానికి ఏమీ చెప్పలేకపోవచ్చు. ఈ రెంటినీ కలిపేయడం వల్లే ఈ అంశం మీద జరిగిన వాదోపవాదాల్లో సగం పుట్టాయని నా అభిప్రాయం.

ఎండా పంటా

పిల్లలు ఎక్కువగా నమ్మే వాదంతో మొదలుపెడదాం, వినగానే నిజమే అనిపిస్తుంది కాబట్టి. భూమధ్యరేఖ దగ్గర ఎండ ఏడాది పొడుగునా నడినెత్తిన ఉంటుంది. ఆకు ఎక్కువ పెరుగుతుంది. ఆకు తినే పురుగులు, పురుగుల్ని తినే పిట్టలు ఎక్కువగా బతకగలుగుతాయి. మొత్తం ప్రాణుల సంఖ్య పెద్దదైతే అరుదైన జాతి కూడా అంతరించిపోకుండా నిలవగలిగేంత మందతో ఉంటుంది. ప్రపంచ పటం మీద వెచ్చదనాన్నీ వర్షాన్నీ కలిపి రంగులు వేస్తే జాతుల సంఖ్య పటంతో అది చాలావరకు సరిపోతుంది కూడా.

ఎండ ఒక్కటే చాలదని సహారా ఎడారి చూపిస్తుంది. అందుకే ఈ వాదాన్ని సమర్థించేవాళ్లు ‘ఎండ, నీరు రెండూ ఉండాలి’ అని సవరించుకున్నారు. సవరణ న్యాయమైనదే. కానీ ఎండా నీరూ రెండూ సమృద్ధిగా ఉండి, పంట కూడా విపరీతంగా ఉండి, జాతులు మాత్రం కొద్దిగానే ఉన్న చోటు మన ముంగిట్లోనే ఉంది. కాకినాడ పక్కన, గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న కోరింగ మడ అడవి అది. మడ అడవులు ఏడాదికి తయారుచేసే ఆకు, కలప, వేరు కలిపి చూస్తే ఉష్ణమండల వర్షారణ్యాలకు ఏమాత్రం తీసిపోవు. అయినా ప్రపంచం మొత్తం మీద మడ చెట్ల జాతులు దాదాపు 70 మాత్రమే. లాంబిర్‌లో ఒక మూల నడిస్తే అంతకన్నా ఎక్కువ కనిపిస్తాయి. ఉప్పునీరు, గాలి ఆడని బురద తట్టుకోగల వంశాలు చెట్లలో చాలా తక్కువ. ఆ కొద్ది వంశాలే పంటంతా పండించుకుంటున్నాయి. పంట పరిమాణం ఒకటి, దాన్ని ఎన్ని జాతులు పంచుకుంటాయన్నది మరొకటి.

ఇంకా గట్టి ఆధారం ఇంగ్లండులో ఉంది. రోథామ్‌స్టెడ్ అనే పరిశోధన క్షేత్రంలో ఒక గడ్డిబీడును మడులుగా విడదీసి 1856 నుంచి ఇప్పటిదాకా ప్రయోగం నడుపుతున్నారు. కొన్ని మడులకు ఏటా ఎరువు వేస్తారు, కొన్నిటికి అసలు వేయరు. ఎరువు వేసిన మడుల్లో గడ్డి దిగుబడి పెరిగింది, జాతులు తగ్గిపోయాయి. ఏ ఎరువూ వేయని మడిలో నలభైకి అటూఇటూగా మొక్కల జాతులు నిలిచి ఉంటే, అమ్మోనియం ఎరువు పడి నేల పులిసిపోయిన మడుల్లో రెండు మూడే మిగిలాయి. బలమైన గడ్డి ఏపుగా పెరిగి, మిగతావాటికి వెలుతురు అందకుండా చేసింది. తిండి పెంచితే జాతులు వాటంతటవే పెరుగుతాయన్న మాటకు ఈ ఒక్క బీడు చాలు, సమాధానం చెప్పడానికి.

అలాగని ఎండవాదాన్ని పూర్తిగా కొట్టేయకూడదు. అందులో నిలబడే భాగం చలి గురించినది. చెట్టు తన కాండంలోని సన్నని గొట్టాల ద్వారా నీటిని పైకి లాగుతుంది. ఆ నీరు గడ్డకట్టినప్పుడు అందులో కరిగి ఉన్న గాలి బుడగలుగా బయటికొస్తుంది. మంచు కరిగాక ఆ బుడగలు పెద్దవై నీటి ధారను తెంచేస్తాయి. గొట్టం ఎంత వెడల్పైతే ప్రమాదం అంత ఎక్కువ. వెచ్చని తేమ అడవుల్లో పుట్టిన చెట్ల వంశాల్లో చాలావాటికి ఈ దెబ్బను తట్టుకునే ఏర్పాటు లేదు. సన్నని గొట్టాలు గానీ, చలికాలానికి ముందే ఆకు రాల్చి నిద్రపోయే అలవాటు గానీ అలవరచుకున్న కొన్ని వంశాలే ఉత్తరానికి వెళ్లగలిగాయి. అంటే వేడి జాతుల్ని పుట్టించడం కన్నా, చలి వాటిని రానివ్వకపోవడం ఎక్కువ పనిచేస్తోంది. ఇలా చెబితే ఎండవాదం చరిత్రవాదంలో ఒక భాగమైపోతుంది. ఆ సంగతి జవాబులో రాసిన విద్యార్థికి నేనైతే పూర్తి మార్కులు వేస్తాను.

నిలకడగా ఉండే రుతువులు

రెండో వాదాన్ని త్వరగా దాటవచ్చు. ఏడాదంతా వాతావరణం ఒకేలా ఉంటే ఒకే రకం పండు తిని, ఒకే పువ్వు తేనె తాగి బతకడం సాధ్యమవుతుంది, అందుకే ఒకే చోట ఎక్కువ జాతులు ఇముడుతాయి అంటారు. ఇందులో నిజం ఉందనడానికి మన దేశంలోనే ఆధారం ఉంది. తమిళనాడులోని ముదుమలైలో భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఆర్. సుకుమార్ బృందం 1988లో పనామా తరహాలోనే 50 హెక్టార్లలో లెక్క మొదలుపెట్టింది. ముదుమలై కూడా ఉష్ణమండలమే. కానీ అక్కడ నెలల తరబడి ఎండాకాలం, తరచూ కార్చిచ్చు. అక్కడ తేలిన జాతులు 70 దాకా మాత్రమే. ఎండు నెలలే లేని లాంబిర్‌లో అంతే విస్తీర్ణంలో 1,100. ‘ఉష్ణమండలం’ అన్న మాట ఒక్కటి రాసి ఊరుకుంటే ఎంత సంగతి దాగిపోతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. నల్లమలకూ అమెజాన్‌కూ ఒకే సమాధానం పనిచేయదు.

అయితే ఈ వాదానికి ఉన్న చిక్కు తలా తోకా తేలకపోవడం. ఒకే పువ్వు మీద ఆధారపడే తేనెపిట్ట వాతావరణం నిలకడగా ఉండడం వల్ల అలా తయారైందా, లేక అప్పటికే చుట్టూ పోటీదారులు కిక్కిరిసి ఉండడం వల్ల ఆ మూలకు నెట్టబడిందా? రెండోదే నిజమైతే ప్రత్యేకత అన్నది జాతులు ఎక్కువ కావడానికి కారణం కాదు, ఫలితం. పైగా ముదుమలైకీ లాంబిర్‌కీ తేడా నిలకడ వల్లనా, నీటి వల్లనా అన్నది ఆ రెండు చోట్లను మాత్రమే చూసి విడదీయలేం.

కాలమూ విస్తీర్ణమూ

డార్విన్‌తో పాటు ప్రకృతి వరణాన్ని కనిపెట్టిన ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలస్ 1878లోనే ఈ వాదాన్ని చెప్పాడు. ఉత్తర భూభాగాలు మళ్లీ మళ్లీ మంచు కింద నలిగాయి, ఉష్ణమండలానికి మాత్రం జాతులు పోగుపడడానికి తీరిక దొరికింది అన్నాడు. వినడానికి బాగుంది. పరీక్షించడం ఎలా?

ఇవాళ్టి వాతావరణం ఒకేలా ఉండి, గతం మాత్రం వేరుగా ఉన్న చోట్లను పోల్చాలి. అప్పుడే ఎండవాదమూ కాలవాదమూ వేర్వేరు జోస్యాలు చెబుతాయి. రోజర్ లేథమ్, రాబర్ట్ రిక్లెఫ్స్ 1993లో ఆ పనే చేశారు. యూరప్, తూర్పు ఉత్తర అమెరికా, తూర్పు ఆసియా – మూడుచోట్లా చలికాలం, వేసవి, వాన ఉన్న సమశీతోష్ణ అడవులే. ఎండవాదం ప్రకారం మూడింటిలో జాతులు ఇంచుమించు సమానంగా ఉండాలి. లెక్క వేస్తే యూరప్‌లో 124, తూర్పు అమెరికాలో 253, తూర్పు ఆసియాలో 729 చెట్ల జాతులు తేలాయి. ఒకేలాంటి వాతావరణానికి దాదాపు ఆరు రెట్ల తేడా.

తేడా ఎక్కడినుంచి వచ్చిందో యూరప్ నేలలో దొరికే శిలాజాలు చూపిస్తాయి. మన సంపంగి కుటుంబానికి చెందిన మాగ్నోలియాలు, ట్యూలిప్ చెట్టు, హికరీ చెట్లు ఒకప్పుడు యూరప్‌లో సహజంగా పెరిగేవి. ఇప్పుడవి అమెరికాలోనూ తూర్పు ఆసియాలోనూ మాత్రమే సహజంగా పెరుగుతాయి. గత 26 లక్షల ఏళ్లలో మంచు ఉత్తరం నుంచి ముందుకొచ్చిన ప్రతిసారీ చెట్లు తరం తరానికీ విత్తనాల రూపంలో దక్షిణానికి జరగాల్సి వచ్చింది. యూరప్‌లో వాటికి ఆల్ప్స్, పిరనీస్ పర్వతాలు తూర్పు పడమరలుగా అడ్డం పడ్డాయి. అవి దాటినా ముందు మధ్యధరా సముద్రం, దాని వెనక ఎడారి. అమెరికాలో అపలాచియన్ కొండలు ఉత్తర దక్షిణాలుగా ఉంటాయి కాబట్టి దారి మూసుకుపోలేదు. తూర్పు ఆసియాలో దక్షిణ చైనా మీదుగా ఉష్ణమండలం దాకా అడవి ఎడతెగకుండా సాగింది. ఈ మూడు సంఖ్యల్ని ఎండతో గానీ, వానతో గానీ వివరించడం నాకు తెలిసి ఎవరివల్లా కాలేదు. కాలవాదానికి ఇంతకన్నా శుభ్రమైన సాక్ష్యం నేను చూడలేదు.

కానీ వాలస్ చెప్పినదాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకోవడానికీ వీల్లేదు. మంచు యుగాల్లో ఉష్ణమండలం కూడా చల్లబడింది, ఎండిపోయింది. చెక్కుచెదరని అడవి అన్న బొమ్మ నిజం కాదు. మరో అభ్యంతరం విస్తీర్ణానిది. ఉష్ణమండలం పెద్దది కాబట్టి జాతులు ఎక్కువ అంటే, రష్యా, కెనడాల్లోని సూచీపత్ర అడవులు ఖండాలంత పొడుగున్నా చెట్ల జాతులు అతి తక్కువ. దీన్ని పాల్ ఫైన్, రిచర్డ్ రీ 2006లో ఒక తెలివైన లెక్కతో పరిష్కరించారు. ఇవాళ్టి విస్తీర్ణం ఒక్కటే చూస్తే జాతుల సంఖ్యతో పొత్తు కుదరలేదు. ఒక్కో రకం అడవి గత 5.5 కోట్ల ఏళ్లలో ఎంత మేర, ఎంతకాలం పరుచుకుందో కలిపి లెక్కిస్తే పొత్తు కుదిరింది.

ఎందుకు కుదిరిందో అర్థం కావాలంటే అయిదు కోట్ల ఏళ్ల నాటి భూమిని ఊహించుకోవాలి. కెనడా ఉత్తర కొసన, ఆర్కిటిక్‌లో ఉన్న ఎల్స్‌మేర్ దీవిలో ఆనాటి మొసలి జాతి శిలాజాలు దొరికాయి. లండన్ నగరం కింది బంకమట్టిలో ఇప్పుడు సుందరబన్ మడల్లో పెరిగే నీపా తాటి కాయల శిలాజాలు ఉన్నాయి. వెచ్చని తేమ అడవి అప్పట్లో భూమిలో పెద్ద భాగాన్ని కప్పి ఉండేది. సుమారు 3.4 కోట్ల ఏళ్ల క్రితం అంటార్కిటికా మీద మంచు పేరుకోవడం మొదలయ్యాక ఆ అడవి భూమధ్యరేఖ వైపు కుంచించుకుపోయింది. దాని జాతుల వారసత్వం మాత్రం దానితోపాటే ఉంది. సూచీపత్ర అడవి ఎంత విశాలమైనా నిన్నగాక మొన్న వచ్చింది.

ఇక్కడ ఒక మలుపు ఉంది, దాన్ని వదిలేసే జవాబు పాతబడినట్టే. ఉష్ణమండలంలో కొత్త జాతులు వేగంగా పుడతాయి కాబట్టే ఎక్కువ ఉన్నాయని చాలాకాలం అనుకున్నారు. వేడికి జీవక్రియలు, ఉత్పరివర్తనాలు జోరందుకుంటాయని కారణం కూడా చెప్పారు. 2018లో డేనియల్ రాబోస్కీ బృందం సముద్రపు చేపల వంశవృక్షాన్ని కట్టి చూస్తే లెక్క తలకిందులైంది. కొత్త జాతులు అతి వేగంగా పుడుతున్నది అంటార్కిటిక్ లాంటి చల్లని సముద్రాల్లో. జాతులు క్రిక్కిరిసిన పగడపు దిబ్బల దగ్గర వేగం తక్కువ. అంతకుముందు 2007లో జేసన్ వెయిర్, డాల్ఫ్ ష్లూటర్ పక్షులు, క్షీరదాల మీద చేసిన అధ్యయనమూ అటే చూపింది: ఉత్తరాన జాతులు త్వరగా పుడతాయి, త్వరగా అంతరిస్తాయి. ఉష్ణమండలంలో పుట్టుక నిదానమైనా చావు ఇంకా నిదానం.

అయితే అన్ని ప్రాణుల్లోనూ ఇదే కథ కాదు. ఆల్చిప్పల శిలాజాలు చూసిన డేవిడ్ జబ్లాన్‌స్కీ, కౌస్తవ్ రాయ్, జేమ్స్ వాలెంటైన్ 2006లో వేరే చిత్రం ఇచ్చారు: వాటి ప్రజాతుల్లో దాదాపు నాలుగింట మూడొంతులు ఉష్ణమండలంలో పుట్టి, అక్కడ ఉంటూనే ధ్రువాల వైపు విస్తరించాయి. మన పశ్చిమ కనుమల దక్షిణ భాగంలోని సతతహరిత వృక్షాల మీద హైదరాబాద్ సీసీఎంబీలోని జాహ్నవి జోషి బృందం 2023లో వెలువరించిన అధ్యయనంలో రెండూ కనిపించాయి. అతి పాత వంశాలూ, ఈమధ్యే చీలిన వంశాలూ ఒకేచోట, రెండూ చిన్న చిన్న పరిధుల్లోనే బతుకుతున్నాయి. ఆ కొండలు పాతవాటిని కాపాడుతున్నాయి, కొత్తవాటినీ పుట్టిస్తున్నాయి.

శత్రువుల మేలు

చరిత్ర 1,100 జాతుల్ని లాంబిర్‌కు తెచ్చి పెట్టింది. వాటిలో బలమైనది రోథామ్‌స్టెడ్ గడ్డిలాగా మిగతావాటిని ఎందుకు తుడిచిపెట్టలేదు? ఈ రెండో ప్రశ్నకు 1970లో డేనియల్ జాన్జెన్, 1971లో జోసఫ్ కానెల్ విడివిడిగా ఒకే సమాధానం చెప్పారు. అందుకే దానికి ఇద్దరి పేరూ కలిపే పెట్టారు.

తెలుగు రైతుకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. కనుచూపు మేర ఒకే రకం వరి వేసిన చోట సుడిదోమ పడితే మడి తర్వాత మడి మాడిపోతుంది. అడవిలో ఒక చెట్టు కింద దాని విత్తనాలే వేలకొద్దీ రాలతాయి. ఆ జాతినే తినే పురుగులు, ఆ జాతి వేళ్లనే కుళ్లబెట్టే బూజులు తల్లిచెట్టు చుట్టూ అప్పటికే కాచుకుని ఉంటాయి. తల్లి నీడలో మొలిచినవి చస్తాయి. పిట్టో గబ్బిలమో దూరంగా మోసుకెళ్లి పడేసిన ఒకటీ అరా గింజ, శత్రువు జాడ లేని చోట బతుకుతుంది. ఒక జాతి ఎంత ఎక్కువైతే దాని శత్రువులూ అంత ఎక్కువవుతాయి. అరుదైన జాతిని వెతికి పట్టుకోవడం శత్రువుకు కష్టం. కాబట్టి ఏ జాతీ అడవిని సొంతం చేసుకోలేదు, ఖాళీ అయిన ప్రతి జాగాలోనూ వేరేవాటికి అవకాశం ఉంటుంది.

దీన్ని నేల మీద పరీక్షించిన తీరు చూడదగ్గది. మధ్య అమెరికాలోని బెలీజ్ దేశపు అడవిలో రాబర్ట్ బాగ్చి, ఓవెన్ లూయిస్, సహచరులు చిన్న చిన్న గళ్లు ఏర్పాటు చేశారు. కొన్నిటి మీద బూజుమందు, కొన్నిటి మీద పురుగుమందు పిచికారీ చేస్తూ, కొన్నిటిని మామూలుగా వదిలేశారు. పైనుంచి రాలిన విత్తనాల్లో ఏవి మొలకలయ్యాయో లెక్కించారు. 2014లో వెలువడిన ఫలితం ప్రకారం బూజుమందు కొట్టిన గళ్లలో మొలకల వైవిధ్యం తగ్గిపోయింది. పురుగుమందు కొట్టినచోట వైవిధ్యం పెద్దగా తగ్గలేదు గానీ, మామూలుగా పురుగుల వాత పడే కొన్ని జాతులు ఒక్కసారిగా విజృంభించాయి. బూజును తొలగిస్తే మొక్కలకు మేలు జరగాలి కదా? జరిగింది, కానీ అది బలమైన కొద్ది జాతులకే. ఆ తర్వాతి కాలంలో హైదరాబాద్ సీసీఎంబీలో చేరిన మేఘనా కృష్ణదాస్, సహచరులతో కలిసి కర్ణాటక పశ్చిమ కనుమల్లో ఇలాంటి ప్రయోగమే చేసి, 2018లో మరో ముఖ్యమైన విషయం చెప్పారు. అడవి లోపలి భాగంలో శత్రువులు మొలకల వైవిధ్యాన్ని నిలబెడుతున్నాయి. రోడ్డో తోటో ఆనుకున్న అంచుల దగ్గర ఆ పని బలహీనపడింది. చెట్లు నరకకపోయినా, అడవిని ముక్కలు చేస్తేనే ఈ ఏర్పాటు దెబ్బతింటుంది.

ఉష్ణమండలంలో శత్రువుల ఒత్తిడి నిజంగానే ఎక్కువనడానికీ ఆధారం ఉంది. తోమస్ రోస్లిన్ నాయకత్వంలో ఆర్కిటిక్ నుంచి భూమధ్యరేఖ దాకా 31 చోట్ల పరిశోధకులు ఆకుపచ్చ ప్లాస్టిసిన్ మట్టితో దాదాపు 3,000 గొంగళిపురుగు బొమ్మలు చేసి ఆకులకు జిగురుతో అంటించారు. కొన్నాళ్లకు తీసి చూస్తే మెత్తని మట్టి మీద చీమల దవడల గాట్లు, పిట్టల ముక్కు పోట్లు స్పష్టంగా పడ్డాయి. మట్టి పురుగుకు రంగు, వాసన, కదలిక ఎక్కడైనా ఒకటే కాబట్టి తేడా అంతా తినేవాళ్ల వల్లే వచ్చినట్టు. 2017లో వెలువడిన ఆ లెక్క ప్రకారం ఆర్కిటిక్ వలయం దగ్గర దాడికి గురయ్యే అవకాశం భూమధ్యరేఖ దగ్గర ఉన్నదానిలో ఎనిమిదో వంతు.

ఇంతవరకు రాసి ఆగితే శత్రువాదమే గెలిచినట్టు కనిపిస్తుంది. ఆగకూడదు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రం ఉష్ణమండలం కాదు. అక్కడ అలిస్సా ప్యాకర్, కీత్ క్లే 2000 సంవత్సరంలో బ్లాక్ చెర్రీ చెట్ల కింది మట్టిని తెచ్చి మొలకలు పెంచితే, నేలలోని పిథియం అనే బూజులాంటి సూక్ష్మజీవి వాటిని చంపేసింది. అదే మట్టిని వేడిచేసి క్రిములు లేకుండా చేస్తే మొలకలు బతికాయి. అంటే ఈ ఏర్పాటు సమశీతోష్ణ అడవుల్లోనూ ఉంది. మరి అక్కడ జాతులు తక్కువెందుకు? 2024లో లీసా హ్యూల్స్‌మన్ బృందం ప్రపంచవ్యాప్తంగా 23 పెద్ద అడవి మడుల సమాచారాన్ని కలిపి చూసింది. సొంత జాతి చెట్లు దగ్గరగా ఉంటే చావు పెరగడం దాదాపు అన్నిచోట్లా కనిపించింది. సగటున ఉష్ణమండలంలో అది మరింత బలంగా లేదు. ఒక్క తేడా మాత్రం ఉంది: ఉష్ణమండలంలో అరుదైన జాతుల మీద ఈ నియంత్రణ సాధారణ జాతుల మీద కన్నా గట్టిగా పనిచేస్తోంది. సమశీతోష్ణ అడవుల్లో ఆ తేడా కనిపించలేదు. ఆ ఒక్క ఫలితంతో అరుదైన జాతులు అరుదుగానే ఎందుకు ఉండిపోతాయో కొంత అర్థమవుతుంది గానీ, వెయ్యి జాతుల తేడా మొత్తం దాని మీద నిలబడదు.

తీర్పు ఎలా రాయాలి

నా తూకంలో మొదటి స్థానం చరిత్రది: వెచ్చని తేమ అడవి ఎంతకాలం, ఎంత మేర ఉందన్నది, దానికి తోడు మంచును తట్టుకునే గుణం కొద్ది వంశాలకే అబ్బడం. యూరప్, అమెరికా, ఆసియా అడవుల లెక్క ఒక్క ఈ వాదానికే లొంగింది. రెండో స్థానం శత్రువులది, అదీ జాతులు ఎలా వచ్చాయన్నదానికి కాదు, వచ్చినవి కలిసి ఎలా నిలిచాయన్నదానికి. పంట ఎక్కువైతే జాతులు ఎక్కువన్న సూటి రూపంలో ఎండవాదాన్ని నేను చివర ఉంచుతాను.

ఈ తీర్పుతో మీరు ఏకీభవించనక్కర్లేదు. ఈ రంగంలో పనిచేసేవాళ్లలోనూ వాతావరణానికే పెద్దపీట వేసేవాళ్లు ఉన్నారు, వాళ్ల పటాలు బలమైనవి. కానీ పరీక్ష రాసే పిల్లలకు ఒక మాట. పేపరులో చివరి ఆరు వాక్యాలు తీర్పు కోసం ఉంచుకోండి. ఏ వాదానికి మొగ్గుతున్నారో తేల్చి రాయండి, దానికి ఎదురు నిలిచే గట్టి ఉదాహరణ ఒకటి మీరే చెప్పండి, ఏ కొలత తేలితే మీ తీర్పు మార్చుకుంటారో కూడా రాయండి. నా తీర్పు విషయంలో అది ఇది: ఇవాళ్టి వాతావరణమూ గత చరిత్రా రెండూ ఒకేలా ఉన్న రెండు అడవుల్లో, కేవలం శత్రువుల తేడాతోనే జాతుల సంఖ్య కొన్ని రెట్లు మారిందని ఎవరైనా చూపిస్తే, నేను మొదటి స్థానాన్ని జాన్జెన్, కానెల్‌లకు ఇచ్చేస్తాను.